సాయంత్రం పీక్, సోలార్ గ్రిడ్: నిల్వ, ఖర్చు, భరోసాపై తరచుగా అడిగే ప్రశ్నలు

సౌర, పవన విద్యుత్తు మీద నడిచే గ్రిడ్ గురించి మాట్లాడిన రోజున ప్రశ్నలకు సమయం సరిపోలేదు. చీటీల మీద రాసిచ్చినవి, బయటికి వస్తూ అడిగినవి ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. సగానికి పైగా ప్రశ్నలు సూర్యాస్తమయం నుంచి రాత్రి పది దాకా, అంటే వాడకం బాగా పెరిగే సాయంత్రం పీక్‌లో, కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్న దాని చుట్టూనే తిరిగాయి. అందుకే నేనూ అక్కడే ఎక్కువసేపు ఆగాను.

మెగావాట్ అంటే ఏమిటి, మెగావాట్ అవర్ అంటే ఏమిటి? పేపర్లో రెండూ కలిపేసి రాస్తారు.

మెగావాట్ అంటే ఆ క్షణంలో ఎంత బలంగా కరెంటు ఇవ్వగలదో చెప్పే లెక్క. మెగావాట్ అవర్ అంటే మొత్తం ఎంత కరెంటు దాచిందో చెప్పే లెక్క. ఒక మెగావాట్ అవర్ మన బిల్లులోని వెయ్యి యూనిట్లకు సమానం.

బొగ్గు కేంద్రానికి మెగావాట్లు చెబితే చాలు, బొగ్గు వేస్తున్నంత సేపూ నడుస్తుంది. నిల్వ కేంద్రానికి అది చాలదు. వెయ్యి మెగావాట్ల బ్యాటరీ రెండు గంటలదైతే దానిలో ఉన్నది 20 లక్షల యూనిట్లే. సాయంత్రం పీక్ నాలుగు గంటలుంటే దాన్ని 500 మెగావాట్ల చొప్పున వాడుకోవాలి, లేదా రెండు గంటల తర్వాత చీకట్లో కూర్చోవాలి. కాబట్టి ఏ నిల్వ ప్రాజెక్టు ప్రకటన చదివినా ముందుగా 'ఎన్ని గంటలు' అని వెతకండి. అది లేని ప్రకటన సగం ప్రకటనే.

నంద్యాల జిల్లా పిన్నాపురంలో నీళ్లతో కరెంటు దాస్తారంటున్నారు. నీళ్లు ఎంత కావాలి? సాగునీటికి గండి పడదా?

పిన్నాపురంలో గ్రీన్‌కో కంపెనీ చేపట్టిన పంప్డ్ స్టోరేజీ సామర్థ్యం 1,680 మెగావాట్లు. ఆరు గంటల లెక్కన 10,080 మెగావాట్ అవర్లు, అంటే కోటి యూనిట్లకు పైమాటే. ఎత్తున ఒక జలాశయం, కింద ఒకటి. మధ్యాహ్నం సోలార్ ఎక్కువైనప్పుడు కింది నీటిని పైకి తోడతారు. సాయంత్రం అదే నీటిని కిందికి వదిలి, అవే యంత్రాలను టర్బైన్లుగా తిప్పి కరెంటు తీస్తారు.

నీటి లెక్క మనకు అలవాటైన టీఎంసీల్లోనే వేసుకుందాం. ఒక టీఎంసీ అంటే సుమారు 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు నీరు 100 మీటర్లు కిందికి దిగితే 0.27 యూనిట్ శక్తి విడుదలవుతుంది. టీఎంసీకి అది 77 లక్షల యూనిట్లు. టర్బైన్, జనరేటర్ దగ్గర పదో వంతు పోతుందనుకుంటే చేతికి వచ్చేది సుమారు 70 లక్షలు. ఎత్తు రెట్టింపైతే యూనిట్లూ రెట్టింపు. అందుకే ఈ ప్రాజెక్టులకు నది కన్నా కొండ ముఖ్యం.

ఇక సాగునీటి సంగతి. ఇది నదికి అడ్డంగా కట్టింది కాదు. పక్కనున్న గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నీరు తీసుకుని నింపుతారు. ఆ తర్వాత అదే నీరు రోజూ పైకీ కిందికీ తిరుగుతుంది. ఆవిరైపోయిన మేరకు ఏటా మళ్లీ తీసుకోవాలి. ఎండలు మండే రాయలసీమలో అది కొట్టిపారేయదగ్గ మొత్తం కాదు, కరువు ఏడాదిలో దాని గురించి అడగాల్సిందే. కానీ పంటకు ఇచ్చే నీటిలాగా ప్రతి ఏడూ మొత్తం ఖర్చైపోయేది కాదు.

పైకి తోడటానికే కరెంటు ఖర్చవుతుంది కదా! నష్టం కాదా?

నష్టమే. 70 లక్షల యూనిట్లు తీసుకోవాలంటే సుమారు 88 లక్షల యూనిట్లు పెట్టి తోడాలి. నూరు పెడితే ఎనభై వస్తాయన్నమాట, పాత యంత్రాలైతే ఇంకా తక్కువ. బ్యాటరీ దగ్గర నూటికి 85 దాకా వస్తాయి.

అయితే మధ్యాహ్నం యూనిట్‌కూ సాయంత్రం యూనిట్‌కూ విలువ ఒకటి కాదు. ఎండాకాలం ఒంటిగంటకు సోలార్ ముంచెత్తుతుంటే బొగ్గు కేంద్రాలను తగ్గించాలి. వాటిని సగానికి పైనే ఎక్కడో ఆపక తప్పదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనల ప్రకారం ఆ కనిష్ఠ స్థాయి 55 శాతం. అంతకంటే దిగితే కొలిమిలో మంట నిలకడగా ఉండదు. పూర్తిగా ఆపేద్దామంటే మళ్లీ వేడెక్కి సాయంత్రానికి అందుకోలేవు. అలాంటప్పుడు గ్రిడ్ ఆపరేటర్ సోలార్ ప్లాంట్లనే తగ్గించమని చెబుతాడు. ఎలాగూ పారబోసే కరెంటులో ఐదో వంతు పోయినా నాలుగు వంతులు సాయంత్రానికి మిగులుతాయి.

నాగార్జునసాగర్, శ్రీశైలంలో ఇలాంటి యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయిగా? వాటినే వాడుకోవచ్చుగా?

ఉన్నాయి, ఈ సంగతి చాలామందికి తెలియదు. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో 100.8 మెగావాట్ల యూనిట్లు ఏడు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు. ఇవన్నీ రెండు వైపులా తిరిగేవే. కలిపితే 1,600 మెగావాట్లు దాటుతాయి.

చిక్కు యంత్రాలతో కాదు, కింది నీటితో. పైకి తోడాలంటే వదిలిన నీరు కింద నిలిచి ఉండాలి. సాగర్ కింద అందుకోసమే సత్రసాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. ప్రధాన కేంద్రం తెలంగాణ చేతిలో ఉంది, టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్ చేతిలో ఉంది. ఒకరు తోడుకోవాలంటే రెండోవారు నీరు నిలిపి ఉంచాలి. పైగా ఇది కృష్ణా నది. డెల్టాకు నీరు వదలాల్సిన రోజుల్లో గ్రిడ్ అవసరం వెనక్కి పోతుంది, వరదలో తోడే పనే ఉండదు, కరువులో పైనా కిందా రెండూ అడుగంటుతాయి. నదికి దూరంగా కొత్త జలాశయాలు కట్టడానికి ఇంత ఖర్చు పెడుతున్నది ఈ చిక్కులు తప్పించుకోవడానికే.

నా మట్టుకు నేను రెండు రాష్ట్రాలూ కూర్చుని రోజువారీ నీటి ఒప్పందం ఒకటి రాసుకోవాలని కోరుకుంటాను. పగలు తోడిన నీటిని రాత్రికి తిరిగి కిందికే వదులుతారు. ఎవరి వాటాలోనూ చుక్క తగ్గదు. యంత్రాలకు డబ్బు ఎప్పుడో కట్టేశాం.

బ్యాటరీ కరెంటు యూనిట్ ఎంత పడుతుంది? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు.

అన్ని అంకెలూ నిజమే కావచ్చు. ఎందుకో ఒక లెక్క చేసి చూద్దాం.

మన దేశంలో బ్యాటరీ టెండర్లలో ధర యూనిట్‌కు కాదు, మెగావాట్‌కు నెలకు ఇంత అద్దె అని పలుకుతుంది. 2022లో కేంద్ర ప్రభుత్వ సౌర విద్యుత్ సంస్థ సెకీ పిలిచిన 500 మెగావాట్ల, రెండు గంటల బ్యాటరీ టెండర్‌లో ఆ అద్దె రూ.10.84 లక్షలు. 2024 చివర్లో రాజస్థాన్ కోసం అంతే పరిమాణానికి పిలిచిన టెండర్‌లో రూ.2.21 లక్షలకు దిగింది. రెండో దానికి కేంద్ర ప్రభుత్వం, గిట్టుబాటు కాని మేరకు భర్తీ చేసే వయబిలిటీ గ్యాప్ నిధి కింద సాయం చేసింది, కాబట్టి మొత్తం తగ్గుదలను బ్యాటరీ ఖాతాలో వేయకూడదు. అయినా పడిన మాట నిజం.

2.21 లక్షలనే తీసుకుందాం. ఏడాదికి ఒక మెగావాట్ అద్దె సుమారు 26.5 లక్షలు. ఒక మెగావాట్, రెండు గంటల బ్యాటరీ ఒకసారి ఖాళీ అయితే 2,000 యూనిట్లు ఇస్తుంది. రోజుకు ఒకసారి చొప్పున ఏడాదంతా వాడితే 7.3 లక్షల యూనిట్లు. అద్దె యూనిట్‌కు రూ.3.63 పడుతుంది. దాని మీద నింపిన కరెంటు ధర కలపాలి. మధ్యాహ్నం యూనిట్ రెండున్నర రూపాయలకు దొరికిందనుకుంటే, నూటికి 85 తిరిగొస్తాయి కాబట్టి ఆ భాగం రూ.2.94. మొత్తం ఆరున్నర రూపాయలు దాటుతుంది.

రోజుకు రెండుసార్లు వాడితే, ఉదాహరణకు మధ్యాహ్నం సోలార్‌తో నింపి సాయంత్రం ఒకసారి, వానాకాలం రాత్రి గాలితో నింపి ఉదయం పీక్‌కు ఇంకోసారి, అద్దె రూ.1.82కి దిగుతుంది. మొత్తం సుమారు నాలుగు రూపాయల డెబ్బై ఐదు పైసలు.

అదే బ్యాటరీని ఏడాదిలో వంద రోజులే వాడితే అద్దె ఒక్కటే యూనిట్‌కు రూ.13 దాటుతుంది. పది రోజులే వాడితే రూ.130 దాటుతుంది. బ్యాటరీ మారలేదు, టెండర్ మారలేదు. వాడిన రోజులే మారాయి. అందుకే యూనిట్ ఇంత అని ఎవరైనా చెబితే 'ఏడాదికి ఎన్నిసార్లు వాడితే?' అని అడగండి. జవాబు లేకపోతే ఆ అంకెను పట్టించుకోకండి.

అయితే పంప్డ్ స్టోరేజీ మేలా, బ్యాటరీ మేలా?

రెండు గంటలకు బ్యాటరీ, ఆరు గంటలకు కొండ మీది నీరు అని ఇప్పటిదాకా అనుకుంటూ వచ్చాం. బ్యాటరీ ధర పడిపోతున్న కొద్దీ ఆ గీత నాలుగు గంటల వైపు జరుగుతోంది. బ్యాటరీ ఏడాది, రెండేళ్లలో సబ్‌స్టేషన్ పక్కనే పెట్టేయవచ్చు, కానీ పన్నెండు, పదిహేనేళ్లకు సెల్స్ మార్చాలి. పంప్డ్ స్టోరేజీ కట్టడానికి నాలుగైదేళ్లు పడుతుంది, సరిగ్గా చూసుకుంటే రెండు తరాలు పనిచేస్తుంది.

సోలార్ రెండున్నర రూపాయలకే వస్తుంటే మా బిల్లు ఎందుకు తగ్గదు?

ఆ ధర మధ్యాహ్నపు ధర, అదీ ప్లాంట్ గేటు దగ్గర. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44, 2020 డిసెంబరులో గుజరాత్ టెండర్‌లో రూ.1.99 పలికినప్పుడు పెద్ద అక్షరాల్లో వార్తలొచ్చాయి. 2020 జనవరిలోనే సెకీ ఇంకో టెండర్ తెరిచింది. అందులో పీక్ గంటల్లోనూ కరెంటు ఇచ్చి తీరాలి. గ్రీన్‌కో పీక్ కాని గంటలకు రూ.2.88, పీక్ గంటలకు రూ.6.12 ధరకు గెలిచింది. ఒకే అమ్మకందారు, ఒకే ఒప్పందం. సమయాన్ని బట్టి ధర రెట్టింపు దాటింది. సోలార్ చవక అన్న మాట తప్పు కాదు, కానీ మీరు టీవీ, ఫ్యాను, ఏసీ వేసే సమయంలో అది ఉండదు.

ఇక రెండోది. మనకు కరెంటు పంపిణీ చేసే డిస్కం పాత బొగ్గు కేంద్రాలతో పాతికేళ్ల ఒప్పందాలు చేసుకుంది. వాటి నుంచి కరెంటు కొన్నా కొనకపోయినా స్థిర చార్జీలు కట్టాలి. సోలార్ యూనిట్ ఒకటి వచ్చి బొగ్గు యూనిట్‌ను తప్పిస్తే మిగిలేది బొగ్గు ఖర్చే, ఆ స్థిర చార్జీ కాదు. దీనిపైన లైన్ల ఖర్చు, దారిలో పోయే నష్టాలు ఉంటాయి. పాత ఒప్పందాలు ఒక్కొక్కటిగా ముగిసేటప్పుడు వాటి స్థానంలో ఏం కొంటారన్నది బిల్లును తేలుస్తుంది.

మూడు నాలుగు రోజులు ముసురు పడితే?

ఇక్కడ నిల్వ మీద ఆశ పెట్టుకోకండి. పైన చేసిన లెక్కే చెబుతుంది, ఏడాదికి పది రోజుల కోసం బ్యాటరీ పెట్టడం అంటే యూనిట్‌కు వంద రూపాయలకు పైగా. రోజువారీ నిల్వ మధ్యాహ్నాన్ని సాయంత్రానికి మోసే పనికి, వారాలను మోయడానికి కాదు.

ముసురు రోజులకు మూడు ఆసరాలున్నాయి. మొదటిది గాలి. నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లో సోలార్ తగ్గుతుంది, అనంతపురం, కర్నూలు గుట్టల మీద గాలిమరలు ఎక్కువ తిరుగుతాయి. పూర్తిగా సరితూగవు కానీ లోటు బాగా తగ్గుతుంది. రెండోది దూరం. విజయవాడ మీద మబ్బు పట్టిన రోజే జైసల్మేర్‌లో పట్టదు. దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైను ద్వారా మిగతా దేశంతో కలిసింది. లైనులో ఖాళీ ఉన్నంత వరకు అక్కడి ఎండ ఇక్కడికి వస్తుంది. మూడోది బొగ్గు, జల విద్యుత్తు. బొగ్గు కేంద్రాలు కొన్నింటిని ఏడాదిలో తక్కువ రోజులే నడిచినా సిద్ధంగా ఉంచాలి. అలా ఉంచినందుకు డబ్బు కట్టాలి. బొగ్గును రేపే మూసేయవచ్చు అనేవారు ఈ ఖర్చును లెక్కలో వేయరు. సోలార్ వల్ల లాభమే లేదనేవారు మిగిలిన మూడు వందల రోజుల బొగ్గు ఆదాను వేయరు.

సోలార్, గాలి ఎక్కువైతే గ్రిడ్ కుప్పకూలుతుందని విన్నాం. దక్షిణ ఆస్ట్రేలియాలో అదే జరిగిందిగా?

జరిగింది, దాన్ని వివరంగా చూడాలి. 2016 సెప్టెంబరు 28 మధ్యాహ్నం సుడిగాలులు 275 కేవీ లైన్లు మూడింటిని దెబ్బతీశాయి. రెండు నిమిషాల్లో వోల్టేజీ ఆరుసార్లు ఒక్కసారిగా పడిపోయి లేచింది. గాలిమరలు అలాంటి కుదుపులను తట్టుకునేవే. కానీ చాలా మరల్లో 'కొద్ది సమయంలో ఇన్ని కుదుపులు దాటితే ఉత్పత్తి తగ్గించు' అని ఒక సెట్టింగ్ ఉంది. అది ఉన్నట్టు గ్రిడ్ ఆపరేటర్‌కు తెలియదు. తొమ్మిది పవన కేంద్రాలు కలిసి 456 మెగావాట్లు తగ్గించేశాయి. ఆ లోటంతా పక్క రాష్ట్రం విక్టోరియా నుంచి వచ్చే హేవుడ్ లైను మీద పడింది. ఒక సెకను గడవక ముందే అది ట్రిప్ అయింది. రాష్ట్రమంతా చీకటి, ఎనిమిదిన్నర లక్షల కనెక్షన్లకు కరెంటు పోయింది.

గాలి ఆగిపోలేదు. కారణం ఒక సెట్టింగ్, దానికి తోడు ఫ్రీక్వెన్సీ, అంటే గ్రిడ్ కరెంటు సెకనుకు ఊగే లెక్క, పడిపోయే వేగాన్ని ఆపే బరువు లేకపోవడం. బొగ్గు, జల కేంద్రాల్లో వందల టన్నుల రోటర్లు తిరుగుతుంటాయి. హఠాత్తుగా లోటు వస్తే వాటి జడత్వం కొన్ని సెకన్లు కాపాడుతుంది, ఆలోగా మిగతా కేంద్రాలు పుంజుకుంటాయి. సోలార్ ప్యానెల్‌లో తిరిగేదేమీ లేదు, ఇన్వర్టర్ చెప్పినట్టే నడుస్తుంది. ఆ తర్వాత అక్కడ గాలిమరల సెట్టింగులు మార్చారు. 2017లో హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. 2021 నాటికి కరెంటు తయారుచేయకుండా బరువు కోసమే తిరిగే సింక్రనస్ కండెన్సర్లు నాలుగు పెట్టారు.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకట్లో మునిగింది వోల్టేజీ అదుపు తప్పి పెరిగిపోవడం వల్ల. కరెంటు చాలక కాదు. ఈ రెండింటిలోనూ సమస్య సెకన్లలో ఉంది, నిల్వ గంటల్లో కాదు. అందుకే మన దగ్గర కొత్త బ్యాటరీ టెండర్లలో, వోల్టేజీని తామే నిలబెట్టగల గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు అడుగుతున్నారా లేదా అని నేను ధర కంటే ముందు చూస్తాను.

మన గ్రిడ్ పెద్ద కుదుపును తట్టుకున్న సందర్భం ఉందా?

ఉంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పింది. డిమాండ్ సుమారు 31,000 మెగావాట్లు పడిపోయి మళ్లీ లేచింది. ముందుగానే జల విద్యుత్తును పెంచి ఉంచి, ఆ నిమిషాల్లో దాన్ని 17,000 మెగావాట్లకు పైగా తగ్గించి, వెంటనే తిరిగి పెంచారు. నీటి టర్బైన్ ఎంత వేగంగా మాట వింటుందో ఆ రాత్రి తేలింది.

కరెంటు పోయినప్పుడు మా ఇంటి పైకప్పు సోలార్ కూడా ఎందుకు ఆగిపోతుంది? ఎండ ఉందిగా?

లైన్‌మన్ ప్రాణం కోసం. గ్రిడ్ పోగానే మీ ఇన్వర్టర్ తనంత తాను ఆగాలి. లేకపోతే మీ ఇంటి కరెంటు వెనక్కి వెళ్లి, సప్లై లేదనుకుని స్తంభం ఎక్కినవాడికి తగులుతుంది. ఎండ ఉన్నప్పుడు ఇంటివరకైనా నడవాలంటే బ్యాటరీతో పాటు, గ్రిడ్ నుంచి ఇంటిని విడదీసే స్విచ్ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. కొనేటప్పుడే అడగండి, తర్వాత మార్చడం ఖరీదు.

బ్యాటరీలు తగలబడతాయంటారు?

2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో పెద్ద మంటలే వచ్చాయి. అక్కడ పాత కేంద్రం భవనంలో, ఒకే కప్పు కింద, నికెల్ రకం సెల్స్ బారులు తీర్చి ఉన్నాయి. ఇప్పుడు పెడుతున్నవి ఎక్కువగా ఇనుము, ఫాస్ఫేట్ రకం, ఆరుబయట విడివిడి కంటైనర్లలో. ప్రమాదం పోలేదు, ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు పాకడం తగ్గింది. మీ ఊరి పక్కన పెడితే కంటైనర్ల మధ్య దూరం ఎంత అని అడగడం మీ హక్కు.

ఇంత ఖర్చు లేకుండా సాయంత్రం పీక్ తగ్గించే మార్గం లేదా?

ఉంది, అది మన పొలాల్లోనే ఉంది. ఐదు హెచ్‌పీ మోటారు సుమారు 3.7 కిలోవాట్లు లాగుతుంది. అలాంటివి లక్ష మోటార్లు పీక్ సమయంలో నడుస్తుంటే 370 మెగావాట్లు. నాలుగు గంటలకు సుమారు 15 లక్షల యూనిట్లు. ఆ మొత్తాన్ని పైన చెప్పిన బ్యాటరీతో ఇవ్వాలంటే రోజుకు అద్దె ఒక్కటే 54 లక్షల రూపాయలు. అవే మోటార్లు మధ్యాహ్నం నడిస్తే ఆ నిల్వ అక్కర్లేదు. నీరు భూమిలోకి ఎప్పుడు వెళ్లినా పైరుకు పెద్దగా తేడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటల సరఫరా ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు కాబట్టి రైతు ఎప్పుడు వేస్తే అప్పుడే లోడ్.

ఇందులో తప్పు జరిగేది ఎక్కడంటే ఆటో స్టార్టర్ల దగ్గర. ఫీడర్‌కు కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్క క్షణంలో లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుగా లాగేదానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. వోల్టేజీ పడిపోయి మోటార్లు వేడెక్కుతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోతాయి. అందుకే తెలంగాణలో వాటిని తీసేయమని రైతులను అడిగారు. పగటి సరఫరాలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఫీడర్లను గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు తొమ్మిదింటికి, ఇంకో గుంపుకు పదింటికి ఇస్తే మధ్యాహ్నం సోలార్ వంపుకు లోడ్ సరిగ్గా అమరుతుంది. మీ ఫీడర్‌కు ఏ వేళలో ఇస్తున్నారో, ఆ వేళలో చివరి మోటారు దగ్గర వోల్టేజీ ఎంత ఉందో సబ్‌స్టేషన్‌లో అడిగితే చెబుతారు. అక్కడ అది బాగా పడిపోతుంటే గుంపులు సరిగ్గా పంచలేదన్నమాట.